ఇంటర్నల్ ఆడిట్ సారాంశం, రేటింగ్ కొలబద్ద: ఆదోని పత్తి మిల్లు ఉదాహరణగా

ఇంటర్నల్ ఆడిట్ నివేదికకు ముందు ఉండే ఒకటి రెండు పేజీల భాగాన్ని సారాంశం అంటారు. కంపెనీల్లో ఎగ్జిక్యూటివ్ సమ్మరీ అన్న పేరే ఎక్కువగా వాడుకలో ఉంది. ఆడిటర్ ఏం చూశాడు, ఏం బయటపడింది, అది ఎంత ప్రమాదకరం, ఎవరు ఎప్పటిలోగా ఏం చేయాలి అన్నవి డైరెక్టర్లకు ఈ పేజీలోనే తెలియాలి. ప్రతి లోపానికీ దాని తీవ్రతను బట్టి ఇచ్చే గుర్తు రేటింగ్. ఏ లోపానికి ఏ గుర్తు ఇవ్వాలో ముందుగానే రాసిపెట్టుకున్న నియమావళి రేటింగ్ కొలబద్ద. నివేదిక ఎంత మందంగా ఉన్నా డైరెక్టర్లలో చాలామంది పూర్తిగా చదివేది ఈ ఒక్క భాగమే. అందువల్ల లోపం సరికావడమైనా, వచ్చే ఏడాదికి మళ్లీ కనిపించడమైనా చాలావరకు ఈ పేజీని రాసిన తీరు మీదే ఆధారపడతాయి.

చట్టం ఏం చెబుతుంది

2013 కంపెనీల చట్టంలోని 138వ సెక్షన్ కొన్ని తరగతుల కంపెనీలకు ఇంటర్నల్ ఆడిట్‌ను తప్పనిసరి చేసింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీకీ ఇది వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీ అయితే, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 200 కోట్ల రూపాయలకు చేరినా, బ్యాంకుల అప్పు ఎప్పుడైనా 100 కోట్లు దాటినా ఇంటర్నల్ ఆడిటర్‌ను పెట్టుకోవాలి. పత్తి, నూనె గింజల వ్యాపారంలో లాభం తక్కువైనా డబ్బు తిరిగే వేగం ఎక్కువ. పశ్చిమ కర్నూలులో ఒక మోస్తరు జిన్నింగ్ వ్యాపారం కూడా ఈ హద్దును అందుకోగలదు.

నివేదిక ఎలా ఉండాలో చట్టం వివరంగా చెప్పదు. ఆ పని వృత్తి ప్రమాణాలు చేస్తాయి. 2025 జనవరి 9 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఇంటర్నల్ ఆడిట్ ప్రమాణాలు ప్రతి లోపానికీ ప్రాముఖ్యం ఎంతో తేల్చాలని, సరిదిద్దే బాధ్యత ఎవరిదో, ఏ తేదీలోగా పూర్తి కావాలో నివేదికలో ఉండాలని కోరుతున్నాయి. కొలబద్దలో ఎన్ని మెట్లు ఉండాలి, వాటి పేర్లేమిటి అన్నవి మాత్రం ఏ సంస్థకు ఆ సంస్థే నిర్ణయించుకోవాలి.

ఒక మిల్లు, మూడు కొనుగోలు కేంద్రాలు

సూత్రాలను ఒక ఉదాహరణతో చూస్తే సులువుగా అర్థమవుతాయి. ఇక్కడ చెప్పే కంపెనీ, దాని లెక్కలు ఊహించినవి. వ్యాపారం తీరు మాత్రం ఈ ప్రాంతానిదే. ఆంధ్రప్రదేశ్‌లో పత్తికి పేరున్న మార్కెట్ ఆదోని. అక్కడ ఒక ప్రైవేటు కంపెనీకి జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లు ఉందనుకుందాం. ఏటా 225 కోట్ల టర్నోవర్, 4 కోట్ల లాభం. ఒక సీజన్‌లో అది 3 లక్షల క్వింటాళ్ల పత్తి కొంటుంది. అందులో 2 లక్షల క్వింటాళ్లు ఆదోని యార్డులో, 40 వేల క్వింటాళ్లు ఎమ్మిగనూరులో, 60 వేల క్వింటాళ్లు దేవనకొండలో పెట్టిన కొనుగోలు కేంద్రంలో కొంటుంది. సగటు ధర క్వింటాలుకు 7,000 రూపాయలు.

పత్తి కొనుగోలులో తేమ శాతం కీలకం. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతం తేమను ప్రమాణంగా తీసుకుంటుంది. 8 నుంచి 12 శాతం దాకా ధరలో కోత పెట్టి కొంటుంది, 12 దాటితే తీసుకోదు. మన మిల్లు కూడా అదే పద్ధతి పెట్టుకుంది: 8 దాటిన ప్రతి ఒక శాతానికీ ధరలో ఒక శాతం కోత. తేమ ఎక్కువున్న పత్తిని పూర్తి ధరకు కొంటే మిల్లు నీళ్లకు పత్తి ధర చెల్లించినట్టే. అది ఆరిన తర్వాత బరువు తగ్గుతుంది, ఆ నష్టాన్ని మిల్లే భరించాలి.

ఇంటర్నల్ ఆడిటర్ మూడు కేంద్రాల్లో ఒక్కో చోట 40 లాట్ల చొప్పున 120 లాట్ల తేమ చీటీలను కొనుగోలు బిల్లులతో సరిపోల్చాడు. చీటీలో తేమ 8 దాటినా బిల్లులో కోత లేని లాట్లు ఆదోనిలో 3, ఎమ్మిగనూరులో 4, దేవనకొండలో 26 దొరికాయి. ఆ లాట్లలో తేమ సగటున 10 శాతం. అంటే క్వింటాలుకు 140 రూపాయలు ఎక్కువ చెల్లించారు.

ఇదే ఆడిట్‌లో మరో సంగతి బయటపడింది. జనవరి నెలాఖరుకు గోదాములో ఉన్న పత్తి, బేళ్ల విలువ 32 కోట్లు. అగ్నిప్రమాద బీమా మాత్రం 20 కోట్లకే ఉంది.

చదివినా కదిలించని పేజీ

ఇలాంటి ఆడిట్ తర్వాత చాలా చోట్ల తయారయ్యే సారాంశం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆడిట్ ఎప్పుడు మొదలైంది, ఎవరెవరు సహకరించారు, ఏ పద్ధతి పాటించారు అన్న వాటితో సగం పేజీ నిండిపోతుంది. ఆ తర్వాత అసలు సంగతి ఇలా వస్తుంది:

> «కొనుగోలు ప్రక్రియలో తేమ శాతానికి సంబంధించి కొన్ని లాట్లలో నిర్దేశిత విధానం పూర్తిస్థాయిలో పాటించబడలేదని గమనించడమైనది. నియంత్రణలను మరింత బలోపేతం చేయవలసిందిగా సూచించడమైనది. రేటింగ్: మధ్యస్థం. బీమా మొత్తాన్ని సమీక్షించుకోవలసి ఉన్నది. రేటింగ్: మధ్యస్థం. పెటీ క్యాష్ వోచర్లలో కొన్నింటిపై సంతకాలు లేవు. రేటింగ్: మధ్యస్థం.»

ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ డైరెక్టర్‌కు పనికొచ్చే మాట కూడా లేదు. «కొన్ని లాట్లు» అంటే ఎన్నో తెలియదు, ఎక్కడో తెలియదు, ఎంత డబ్బు పోతోందో తెలియదు. «పాటించబడలేదు» అన్న వాక్యంలో పాటించనిది ఎవరో కనబడదు. «బలోపేతం చేయాలి» అంటే రేపు ఉదయం ఎవరు ఏం చేయాలో చెప్పినట్టు కాదు. మూడు లోపాలకూ ఒకే గుర్తు ఇవ్వడంతో, సంతకం లేని వోచరూ 12 కోట్ల బీమా లోటూ ఒకే వరుసలో నిలబడ్డాయి. మన మిల్లు డైరెక్టర్లలో ఇద్దరు స్వయంగా పత్తి వ్యాపారులు, సీజన్‌లో రోజూ యార్డులో ఉండేవాళ్లు. ఆడిట్‌కు బోర్డు సమావేశంలో దొరికేది పావుగంట. ఈ పేజీ చదివి వాళ్లు «నోట్ చేసుకున్నాం» అని మినిట్స్‌లో రాయించి తర్వాతి అంశానికి వెళతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ పేజీ వాళ్లను ఏ నిర్ణయమూ అడగలేదు.

లోపానికి ఐదు భాగాలు

సారాంశం బాగుండాలంటే ముందు లోపాన్ని సరిగ్గా రాబట్టాలి. ఆడిటర్లు ప్రతి లోపాన్నీ ఐదు ప్రశ్నలతో పరీక్షిస్తారు. ఉండవలసిన నియమం ఏమిటి? నిజంగా జరిగింది ఏమిటి? ఎందుకు జరిగింది? దాని ఫలితం ఏమిటి? ఏం చేస్తే ఆగుతుంది? ఈ ఐదింటిలో తరచూ తప్పిపోయేది మూడోది, అంటే కారణం.

దేవనకొండ ఉదాహరణలో కారణం కోసం వెతికితే రెండు సంగతులు తెలిశాయి. అక్కడ తేమ చీటీ రాసే ఉద్యోగే ధర కూడా నిర్ణయిస్తున్నాడు. బిల్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో తేమ శాతం నింపకపోయినా బిల్లు బయటికొస్తోంది. ఆదోని యార్డులో ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులు చేస్తారు. అందుకే అక్కడ 40 లాట్లలో 3 మాత్రమే తప్పాయి. కారణం ఇంత స్పష్టంగా తెలిస్తే «సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి» అన్న అరిగిపోయిన సిఫారసు రాయవలసిన అవసరం ఉండదు. తేమ శాతం నింపని బిల్లు, తేమ 8 దాటినా కోత లేని బిల్లు ముద్రణ కాకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చడం, చీటీ రాసే పనిని వేరొకరికి అప్పగించడం అన్న రెండు నిర్దిష్టమైన చర్యలు వాటంతటవే తేలతాయి.

ఆడిటర్ ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. తేమ మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంటే నష్టపోయేది దేవనకొండ రైతు. కాబట్టి కోత పెట్టలేదన్న లోపం రాసే ముందు, ఆ మీటరును మరో మీటరుతో పోల్చి చూశారా అన్నది నివేదికలో ఉండాలి. ఆ పరీక్ష లేకుండా ఇచ్చిన సిఫారసు మిల్లు నష్టాన్ని రైతు నెత్తిన వేసే ప్రమాదం ఉంది.

నష్టాన్ని లెక్కగట్టడం

డైరెక్టర్‌ను ఆపి చదివించేది రూపాయల అంకె. అదే అంకె తప్పయితే ఆడిటర్ మీద నమ్మకం పోతుంది. అందుకే సారాంశంలో నిరూపించిన నష్టాన్నీ అంచనా వేసిన నష్టాన్నీ వేరువేరుగా చెప్పాలి.

ఒక్కో లాటు 20 క్వింటాళ్లు అనుకుంటే, దేవనకొండలో దొరికిన 26 లాట్లు 520 క్వింటాళ్లు. క్వింటాలుకు 140 చొప్పున కళ్లముందు తేలిన నష్టం 72,800 రూపాయలు. ఇది కాగితాలతో రుజువైన అంకె. సీజన్ మొత్తానికి ఎంత ఉండొచ్చన్నది అంచనా. 40 లాట్లలో 26 అంటే 65 శాతం. దేవనకొండ కొనుగోలు 60 వేల క్వింటాళ్లలో 65 శాతం 39 వేల క్వింటాళ్లు. నష్టం సుమారు 54 లక్షల 60 వేలు. ఇదే లెక్కన ఆదోనిలో 21 లక్షలు, ఎమ్మిగనూరులో 5 లక్షల 60 వేలు. మూడూ కలిపితే 81 లక్షల 20 వేలు.

తొందరపడే ఆడిటర్ ఇక్కడే దెబ్బతింటాడు. 120 లాట్లలో 33 తప్పాయి కదా అని 27.5 శాతాన్ని మొత్తం 3 లక్షల క్వింటాళ్లకు వర్తింపజేస్తే నష్టం 1 కోటి 15 లక్షల 50 వేలుగా కనిపిస్తుంది. మూడు కేంద్రాల్లోనూ సమానంగా 40 లాట్లు తీసుకున్నా, వాటి వ్యాపారం సమానం కాదు. ఆదోని కన్నా తక్కువ కొనే దేవనకొండలో ఎక్కువ తప్పులున్నాయి కాబట్టి అన్నిటినీ కలిపి గుణిస్తే నష్టం ఉబ్బిపోతుంది. లెక్క తెలిసిన డైరెక్టర్ ఒక్కరు ఈ పొరపాటు పట్టుకుంటే చాలు, చర్చ దేవనకొండను వదిలి ఆడిటర్ లెక్క మీదికి మళ్లుతుంది. కేంద్రాలవారీగా లెక్కగట్టి కలపడం ఒక్కటే సరైన దారి. ఆదోని అంకె మూడు లాట్ల మీదే నిలబడింది కాబట్టి అది అస్థిరమైన అంచనా అని కూడా చెప్పాలి.

కొలబద్దను రూపాయలకు కట్టివేయడం

«తీవ్రం», «మధ్యస్థం» అన్న మాటలకు కొలత లేకపోతే అవి బేరానికి వస్తువులవుతాయి. మేనేజర్ ఆడిటర్ గదికి వచ్చి లోపం నిజమేనని ఒప్పుకుంటాడు, రేటింగ్ మాత్రం ఒక మెట్టు తగ్గించమంటాడు. ఆడిటర్ దగ్గర రాసిపెట్టిన కొలబద్ద లేకపోతే ఆ బేరంలో గెలిచేది గొంతు పెద్దదైనవారే. అందుకని కొలబద్దను ఆడిట్ మొదలు కాకముందే బోర్డు ఆమోదించాలి. అది కంపెనీ పరిమాణానికి సరిపోవాలి. 4 కోట్ల లాభం ఉన్న మన మిల్లుకు ఇలాంటిది సరిపోతుంది:

- అతి తీవ్రం: ఒక్క ఘటన వల్ల లేదా ఒక సీజన్‌లో 1 కోటి రూపాయలకు, అంటే లాభంలో 25 శాతానికి మించి నష్టం రావచ్చు. లేదా ప్రాణాపాయం, లైసెన్సు పోయే ప్రమాదం, పెద్ద హోదాలో ఉన్నవారి మోసం ఉన్నాయి. బోర్డు అదే సమావేశంలో నిర్ణయం తీసుకోవాలి. 7 రోజుల్లో చర్య మొదలవ్వాలి.
- తీవ్రం: 20 లక్షల నుంచి 1 కోటి దాకా. మేనేజింగ్ డైరెక్టర్ బాధ్యత. 30 రోజుల గడువు.
- మధ్యస్థం: 4 లక్షల నుంచి 20 లక్షల దాకా. విభాగాధిపతి బాధ్యత. 90 రోజుల గడువు.
- స్వల్పం: 4 లక్షల లోపు. ఆరు నెలల గడువు. సారాంశంలో పేరు కూడా రాదు, వివరమైన నివేదికలో ఉంటే చాలు.

ఈ కొలబద్దలో స్వల్పం మినహా ప్రతి మెట్టూ మూడు సంగతులను ఒక్కసారే తేలుస్తుంది: లోపం ఎంత పెద్దది, బాధ్యత ఎవరిది, గడువు ఎంత. గుర్తు పెట్టగానే పని ఎవరి బల్ల మీదికి వెళ్లాలో తేలిపోతుంది. ఎర్ర, పచ్చ రంగులు మాత్రమే వేసి బాధ్యతను, గడువును చెప్పని కొలబద్ద అలంకారానికే పనికొస్తుంది. నాలుగు మెట్లే పెట్టడానికీ కారణం ఉంది. మూడో ఐదో ఉంటే నడిమి మెట్టు ఒకటి ఉంటుంది, మొహమాటం ఉన్న ఆడిటర్ అన్నిటినీ దాని మీదే కూర్చోబెడతాడు.

తేమ లోపాన్ని ఈ కొలబద్ద మీద పెడితే 81 లక్షలు «తీవ్రం» కిందికి వస్తాయి. పైన చెప్పిన తప్పు లెక్కతో 1 కోటి 15 లక్షలు అయి ఉంటే «అతి తీవ్రం» అయ్యేది. గుణకారంలో జరిగిన ఒక పొరపాటు రేటింగ్‌నే మార్చేస్తుందన్నమాట.

ఇంకా జరగని నష్టానికి రేటింగ్

బీమా లోపం సంగతి వేరు. ఇప్పటిదాకా ఒక్క రూపాయీ పోలేదు. చాలా సంస్థల్లో జరిగే అవకాశానికి 1 నుంచి 5, నష్టానికి 1 నుంచి 5 మార్కులు వేసి రెంటినీ గుణిస్తారు. గోదాము కాలిపోవడం అరుదు కాబట్టి అవకాశానికి 1, నష్టం భారీ కాబట్టి 5 వేస్తే గుణించగా 5 వస్తుంది. రోజూ జరిగే చిన్న వోచర్ పొరపాటుకు అవకాశం 5, నష్టం 1 వేస్తే అక్కడా 5 వస్తుంది. కంపెనీని కుదిపే ప్రమాదమూ, గుమాస్తా పొరపాటూ ఒకే అంకె కిందికి చేరాయి. ఈ గుణకారం వల్లనే పెద్ద ప్రమాదాలు మధ్యస్థంలో దాక్కుంటాయి.

మన కొలబద్ద ఒక్క ఘటన వల్ల వచ్చే నష్టాన్ని విడిగా చూస్తుంది. బీమా తక్కువగా ఉన్నప్పుడు బీమా కంపెనీలు సాధారణంగా యావరేజ్ క్లాజును వర్తింపజేస్తాయి. అంటే సరుకులో ఎంత వంతుకు బీమా ఉందో, నష్టంలోనూ అంత వంతే చెల్లిస్తాయి. 32 కోట్ల సరుకులో 8 కోట్ల సరుకు కాలిపోయిందనుకుంటే, బీమా 20 కోట్లు ఉంది కదా, 8 కోట్లూ వస్తాయని యజమాని అనుకుంటాడు. వచ్చేది 8 కోట్లలో 32కు 20 వంతు, అంటే 5 కోట్లే. మిగిలిన 3 కోట్లు కంపెనీ నెత్తిన పడతాయి. ఏడాది లాభంలో ముప్పావు వంతు ఒక్క రాత్రిలో పోతుంది. రేటింగ్ «అతి తీవ్రం». పరిష్కారం ఒక్క ఫోనుతో మొదలవుతుంది: సీజన్ ముగిసేదాకా బీమా మొత్తాన్ని పెంచమని బ్రోకర్‌ను అడగాలి.

మొత్తం రేటింగ్

విడివిడి రేటింగ్‌లతో పాటు నివేదిక మొత్తానికీ ఒక గుర్తు ఇవ్వడం వాడుక. సహకార సంఘాలకు ఆడిట్ తర్వాత ఎ, బి, సి, డి తరగతులు వేసే పద్ధతి దేశంలో ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఈ ఆలోచన మనవాళ్లకు కొత్తది కాదు. ఇబ్బంది సగటుతో వస్తుంది. ఒక అతి తీవ్రం, ఒక తీవ్రం, ఎనిమిది స్వల్పాలు ఉన్నచోట సగటు తీస్తే మొత్తం «మధ్యస్థం» కూడా దాటదు. కాబట్టి సగటు తీయకూడదు. ఒక్క అతి తీవ్రమైన లోపం ఉన్నా మొత్తం «అసంతృప్తికరం», రెండుకు మించి తీవ్రమైనవి ఉన్నా అంతే, అన్న నియమం ముందే రాసుకోవాలి. కిందటిసారి సరిదిద్దామని చెప్పిన లోపం మళ్లీ కనిపిస్తే దాన్ని ఒక మెట్టు పైకి ఎక్కించాలి. ఈ నియమం తెలిసిన విభాగాధిపతి పని కాకుండానే పూర్తయిందని రాయడానికి వెనుకాడతాడు.

తిరగరాసిన పేజీ

అదే ఆడిట్‌కు బోర్డు ముందు పెట్టదగ్గ సారాంశం ఇలా ఉంటుంది:

> పత్తి కొనుగోలు, సరుకు నిల్వ. అక్టోబరు నుంచి జనవరి దాకా. మొత్తం రేటింగ్: అసంతృప్తికరం.
>
> బోర్డు నేడు తీసుకోవలసిన నిర్ణయాలు రెండు.
>
> 1. బీమాను 20 కోట్ల నుంచి 32 కోట్లకు పెంచాలా? (అతి తీవ్రం) జనవరి నెలాఖరుకు సరుకు విలువ 32 కోట్లు, బీమా 20 కోట్లు. 8 కోట్ల సరుకు కాలితే మనకు వచ్చేది 5 కోట్లే. కారణం: బీమా మొత్తాన్ని సీజన్ మొదట్లో ఒకసారే నిర్ణయిస్తున్నారు. చర్య: బీమా పెంపు 7 రోజుల్లో, ఆ తర్వాత నెలనెలా సరుకు విలువతో సరిపోల్చడం. బాధ్యత: ఫైనాన్స్ మేనేజర్. ఆయన అంగీకరించారు.
>
> 2. దేవనకొండలో తేమ కోత అమలు చేయాలా, లేక వదులుకునే మొత్తానికి హద్దు పెట్టాలా? (తీవ్రం) పరీక్షించిన 40 లాట్లలో 26 లాట్లకు, 8 శాతం దాటినా కోత పెట్టలేదు. రుజువైన నష్టం 72,800 రూపాయలు. ఈ కేంద్రంలో సీజన్ అంచనా 54.6 లక్షలు, మూడు కేంద్రాల్లో కలిపి 81 లక్షలు. కారణం: చీటీ రాసేవారే ధర నిర్ణయిస్తున్నారు, కోత లేకపోయినా సాఫ్ట్‌వేర్ ఆపడం లేదు. కొనుగోలు మేనేజర్ జవాబు: కోత పెడితే రైతులు పక్క కొనుగోలుదారు దగ్గరికి వెళతారు. బాధ్యత: మేనేజింగ్ డైరెక్టర్. గడువు: 30 రోజులు.
>
> బాగున్నవి: కాటా తనిఖీలు, రైతులకు చెల్లింపులు పరీక్షించాం, లోపాలు లేవు. పరీక్షించనివి: బేళ్ల అమ్మకాలు, విద్యుత్తు ఖర్చు.

ఈ పేజీలో ఆడిట్ ఎలా చేశారన్న వివరం లేదు. అది లోపలి పేజీల్లో ఉంటుంది. పెటీ క్యాష్ సంగతి కూడా లోపలికే వెళ్లింది. మొదటి వాక్యమే బోర్డును నిర్ణయం అడుగుతోంది. కాబట్టి మినిట్స్‌లో «నోట్ చేసుకున్నాం» అని రాసి దాటిపోవడం కష్టం. ఔనో కాదో రాయాలి. పరీక్షించని వాటిని చెప్పడం కూడా ముఖ్యమే. లేదంటే బేళ్ల అమ్మకాలు సవ్యంగా ఉన్నాయని ఆడిటర్ చెప్పాడని డైరెక్టర్లు అనుకుంటారు.

రెండో నిర్ణయంలో మేనేజర్ వాదనను ఆడిటర్ కొట్టిపారేయలేదు. అది నిజం కావచ్చు. సీజన్‌లో పోటీ ఉన్నప్పుడు మిల్లు కొంత వదులుకోవడం వ్యాపార నిర్ణయమే. అయితే ఆ నిర్ణయం తీసుకోవలసింది బోర్డు, దేవనకొండలో చీటీ రాసే ఉద్యోగి కాదు. బోర్డు తెలిసి ఒప్పుకుంటే క్వింటాలుకు ఎంతదాకా వదులుకోవచ్చో హద్దు పెడుతుంది. కంపెనీ భరించలేనంత ప్రమాదాన్ని మేనేజ్‌మెంట్ తనంతట తాను ఒప్పేసుకుంటే, ఆ సంగతిని బోర్డు దాకా తీసుకెళ్లాలని ప్రపంచ ప్రమాణాలు కూడా ఆడిట్ అధిపతిని ఆదేశిస్తున్నాయి.

పేజీ చేరకపోతే, చేరినా కదలకపోతే

సారాంశం ఎంత బాగున్నా అది సరైన చేతికి అందకపోతే వ్యర్థం. తెలుగునాట దీనికి అతిపెద్ద ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న సంస్థ అధినేత రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో సంస్థ ఇంటర్నల్ ఆడిట్ మాజీ అధిపతి కూడా ఉన్నారు. తర్వాత వాళ్లు అప్పీలుకు వెళ్లారు. ఆడిట్ కమిటీ, ఇంటర్నల్ ఆడిట్ విభాగం రెండూ ఉన్న కంపెనీలో జరిగింది ఇది. దీనికి పూర్తి భిన్నంగా 2002లో అమెరికాలోని వరల్డ్‌కామ్ కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ అధిపతి సింథియా కూపర్, ఖర్చులను ఆస్తులుగా రాసిన ఎంట్రీలను నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ జూన్‌లోనే కంపెనీ 380 కోట్ల డాలర్ల తప్పును ప్రకటించవలసి వచ్చింది.

చేరినా కదలిక రాకపోవడం మరో సమస్య. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పథకంలో 2006 నుంచే సామాజిక తనిఖీలు మొదలుపెట్టింది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. తనిఖీలో తేలిన సంగతులను మండల స్థాయి ప్రజావేదికలో అందరి ముందూ చదివేవారు: ఫలానా పని, ఇంత మొత్తం, బాధ్యులు ఫలానా ఉద్యోగి. అధికారి అక్కడే నిర్ణయం ప్రకటించాలి. సారాంశం రాసేవారు నేర్చుకోవలసిన పద్ధతి ఇది. అయినా ఆ తనిఖీల మీద జరిగిన అధ్యయనాలు, పోయిందని తేల్చిన డబ్బులో ఎక్కువ భాగం తిరిగి రాలేదని చూపించాయి. నిర్ణయం ప్రకటించిన తర్వాత అది అమలైందా అని చూసే పని సడలితే జరిగేది ఇదే.

కంపెనీలో ఆ పని ఆడిటర్‌దే. ప్రతి బోర్డు సమావేశానికీ సారాంశం కింద ఒక చిన్న పట్టిక జతచేయాలి: పాత లోపాలు ఎన్ని, గడువు దాటినవి ఏవి, ఎన్ని రోజులు దాటాయి, బాధ్యులు ఎవరు. మేనేజర్ «పూర్తయింది» అని మెయిల్ పెట్టినంత మాత్రాన లోపం మూసేయకూడదు. దేవనకొండ కేంద్రంలో సాఫ్ట్‌వేర్ మార్చామంటే, మార్చిన తర్వాతి రోజుల నుంచి మళ్లీ 40 లాట్లు తీసి చూడాలి. 10 శాతం తేమ ఉన్న లాటుకు కోత లేకుండా బిల్లు కొట్టి చూడాలి. ఆ బిల్లు ముద్రణ కాకుండా ఆగినప్పుడే లోపం మూసినట్టు లెక్క.